క్రోమ్ నుంచి బిట్‌వార్డెన్‌కి మారాక ఆ సీఎస్‌వీ ఫైల్‌ని నిజంగా ఎలా వదిలించుకోవాలి?

ప్రశ్న: క్రోమ్‌లో ఎనిమిదేళ్లుగా సేవ్ అవుతున్న పాస్‌వర్డులు రెండు వందల పైనే ఉన్నాయి. బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి మారదామనుకుంటున్నాను. వాటిని సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే ఎవరు తెరిచినా చదవగలిగే మామూలు అక్షరాల ఫైల్‌గా తీసి అక్కడ ఇంపోర్ట్ చేయాలని చదివాను. పని అయ్యాక ఆ ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోతుందా? రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తీయొచ్చని మా తమ్ముడు అంటున్నాడు. విండోస్ 11 ల్యాప్‌టాప్, ఎస్‌ఎస్‌డీ ఉంది. ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీ తమ్ముడు చెప్పింది పాత హార్డ్ డిస్కుల విషయంలో నిజమే. మీ ఎస్‌ఎస్‌డీ విషయంలో సగమే నిజం. ఇంకా మొదలుపెట్టలేదన్నారు కాబట్టి ఆ సగం భయం కూడా లేకుండా చేసుకోవచ్చు.

నేను ఇంట్లోవాళ్లకీ, తెలిసినవాళ్లకీ, ఒక చిన్న ఆఫీసుకీ ఈ మార్పిడి చాలాసార్లు చేసిపెట్టాను. డిలీట్ చేసిన ఫైల్‌ని ఎవరో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తవ్వి తీసిన సంఘటన నా దగ్గర ఒక్కటీ లేదు. డిలీట్ చేశాం కదా అనుకున్న ఫైల్ ఇంకో చోట కాపీగా బతికే ఉండటం మాత్రం చాలాసార్లు చూశాను. ఆ ఆఫీసులో ఒకావిడ కొత్త ల్యాప్‌టాప్ తీసుకుని సైన్ ఇన్ అయ్యారు. క్లౌడ్‌లోంచి పాత డెస్క్‌టాప్ ఐకాన్లన్నీ ఒక్కొక్కటే దిగుతున్నాయి. వాటి మధ్యలో రెండేళ్ల కిందటి పాస్‌వర్డుల ఫైల్ కూడా దిగింది! పాత ల్యాప్‌టాప్‌లో ఆవిడ డిలీట్ చేసింది డౌన్‌లోడ్స్‌లో ఉన్న కాపీని. చేతికి అందుబాటులో ఉంటుందని డెస్క్‌టాప్ మీద ఇంకోటి పెట్టుకున్న సంగతి మర్చిపోయారు. అందుకే ఎలా డిలీట్ చేయాలి అన్నదానికంటే ముందు ఎక్కడ సేవ్ చేయాలి అన్నది తేల్చుకోవాలి. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కాక ఆలోచిస్తే కొంచెం ఆలస్యమైనట్టే.

మొదట చూడాల్సింది మీ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా లేదా, అంటే అందులో ఉన్నదంతా కీ లేకుండా చదవలేని రూపంలో ఉందా లేదా అని. విండోస్ 11 హోమ్‌లో దీన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, ప్రోలో బిట్‌లాకర్. ఈ మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అదంతట అదే ఆన్ అయి ఉంటుంది. ఊహించుకోవడం ఎందుకు, టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి:

```
manage-bde -status C:
```

వచ్చిన జవాబులో రెండు లైన్లు చూడాలి. `Percentage Encrypted` దగ్గర 100.0% ఉండాలి, `Protection Status` దగ్గర `Protection On` ఉండాలి. కొన్ని మెషీన్లలో మొదటిది 100 ఉంటుంది, రెండోది మాత్రం `Protection Off` అంటుంది. అంటే డిస్క్‌కి తాళం వేశారు కానీ తాళం చెవి ఆ తలుపుకే వేలాడుతోందని అర్థం. లోకల్ అకౌంట్‌తో వాడే ల్యాప్‌టాప్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే రికవరీ కీ ఆ అకౌంట్‌లో సేవ్ అయి, రక్షణ పూర్తిగా ఆన్ అవుతుంది. ఆ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. అది ఒక్క బిట్‌వార్డెన్‌లోనే ఉంటే, ల్యాప్‌టాప్ తెరవడానికి కావలసిన కీ ఆ ల్యాప్‌టాప్ లోపలే ఇరుక్కుపోయినట్టు అవుతుంది.

ఎన్‌క్రిప్షన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ఎస్‌ఎస్‌డీలో ఒక ఫైల్ మీద పదిసార్లు చెత్త రాసి చెరిపేశామనుకోవడం ఒక భ్రమ. హార్డ్ డిస్క్‌లో ఫైల్ ఉన్న చోటే మళ్లీ రాయొచ్చు. ఎస్‌ఎస్‌డీ మాత్రం డేటా దాచే సెల్స్ అన్నీ సమానంగా అరగాలని ప్రతి రాతనీ వేరే చోటికి మళ్లిస్తుంది. మీరు పాత ఫైల్ మీద సున్నాలు రాశాననుకుంటారు, అది వాటిని కొత్త చోట రాసుకుని పాత చోటుని పక్కన పెడుతుంది. ఫైల్ ష్రెడర్ అని దొరికే ప్రోగ్రామ్‌లు ఎస్‌ఎస్‌డీ మీద హామీ ఇవ్వలేకపోయేది ఇందుకే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఈ బెంగే ఉండదు. ఆ పక్కన పెట్టిన సెల్స్‌లో ఉన్నది కూడా కీ లేకుండా చదవలేని గజిబిజే.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి లేదు, ఇప్పుడు చేసే వీలూ లేదు అంటే ఇంకో దారి ఉంది. వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక 20 ఎంబీ కంటైనర్ చేసుకోండి. దాన్ని మౌంట్ చేస్తే కొత్త డ్రైవ్ లెటర్‌తో ఒక చిన్న డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని నేరుగా అందులోకే సేవ్ చేసి, పని అయ్యాక డిస్‌మౌంట్ చేసి, కంటైనర్ ఫైల్‌ని మొత్తంగా డిలీట్ చేసేయండి. పాస్‌వర్డుల ఫైల్ మామూలు రూపంలో డిస్క్ మీద పడనే లేదు కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరికేది కూడా గజిబిజే. డౌన్‌లోడ్స్‌లో సేవ్ చేసి, తర్వాత కంటైనర్‌లోకి జరిపితే మాత్రం ఇదంతా వృథా.

పెన్ డ్రైవ్‌లోకి తీసుకుంటే మంచిది కదా అని కొందరు అడుగుతారు. వద్దు. పెన్ డ్రైవ్‌లో కూడా ఉండేది ఫ్లాష్ మెమరీయే. పైగా డిలీట్ చేసిన చోటు ఖాళీ అయిందని డ్రైవ్‌కి చెప్పే ఏర్పాటు చాలా పెన్ డ్రైవ్‌లలో ఉండదు. రేపు పిల్లాడి ప్రాజెక్ట్ ప్రింటవుట్ కోసం జిరాక్స్ షాపులో పెట్టేది కూడా ఆ పెన్ డ్రైవే.

ఇక సేవ్ చేసే చోటు. విండోస్ 11లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు చాలామందికి వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతూ ఉంటాయి, ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఐకాన్ పక్కన చిన్న మబ్బు గుర్తో, ఆకుపచ్చ టిక్కో ఉంటే అది సింక్ అవుతున్నట్టే. ఫైల్‌ని అక్కడ రెండు నిమిషాలు ఉంచినా క్లౌడ్‌కి చేరిపోతుంది. తర్వాత డిలీట్ చేసినా పర్సనల్ అకౌంట్‌లో 30 రోజుల పాటు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. అది మీ ల్యాప్‌టాప్‌లోని రీసైకిల్ బిన్ కాదు, వెబ్‌సైట్‌లో ఉండేది. అందుకని నేను `C:\marpu` అని ఒక కొత్త ఫోల్డర్ చేసి అందులోకే సేవ్ చేస్తాను. దాన్ని మామూలుగా ఏ సింక్ ప్రోగ్రామూ పట్టించుకోదు, పని అయ్యాక ఫోల్డర్‌ని మొత్తంగా తీసేయడమూ సులువు. ల్యాప్‌టాప్‌ని ఇంట్లో వేరే లాగిన్‌తో ఇంకెవరైనా వాడుతుంటే వాళ్లు కూడా ఈ ఫోల్డర్ తెరవగలరు, కాబట్టి పని ఒకే విడతలో ముగించండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఈ పని అసలు చేయకండి. అక్కడ ఏ బ్యాకప్ ఎటు వెళ్తుందో మన చేతిలో లేదు.

ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఒక పరిమితి మర్చిపోవద్దు. మీరు లాగిన్ అయి పని చేస్తున్నంతసేపూ ఆ ఫైల్ అన్ని ప్రోగ్రామ్‌లకీ మామూలు ఫైలే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన మాల్‌వేర్ ఏదైనా లోపల ఉంటే అదీ చదువుతుంది. కాబట్టి ముందు ఒకసారి డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయించండి.

బిట్‌వార్డెన్ వైపు ఏర్పాట్లు కూడా ఎక్స్‌పోర్ట్‌కి ముందే అయిపోవాలి. మాస్టర్ పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు అడుగుతుంది. మీరు నాలుగైదు మాటలు కలిపి ఇంకా పొడుగ్గా పెట్టుకోండి. అది మర్చిపోతే కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర అది ఉండదు. టూ స్టెప్ లాగిన్ ఆన్ చేసి, దాని రికవరీ కోడ్‌ని కూడా అదే కాగితం మీద రాసుకోండి. ఒకసారి లాగ్ అవుట్ అయి, ఫోన్‌లో మళ్లీ లాగిన్ అయి చూడండి. కొత్త ఇంటి తాళం పని చేస్తోందో లేదో చూసుకున్నాకే సామాను లారీ ఎక్కించాలి.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్. క్రోమ్ అడ్రస్ బార్‌లో `chrome://password-manager/settings` కొడితే `Export passwords` కనిపిస్తుంది. విండోస్ పిన్ అడుగుతుంది, తర్వాత ఎక్కడ సేవ్ చేయాలో అడుగుతుంది. `C:\marpu` ఎంచుకుని `marpu.csv` అని పేరు పెట్టండి. లోపల ఉండేది ఇలా ఉంటుంది, కింది వివరాలు నేను కల్పించినవే:

```
name,url,username,password,note
example.com,https://example.com/login,user01,"Xy,7""k9",
example.org,https://example.org/,user01,00482916,
,android://Ab3x==@com.example.app/,user01,Pq#41zt,
```

మొదటి పాస్‌వర్డ్ నిజానికి `Xy,7"k9`. మధ్యలో కామా ఉంది కాబట్టి మొత్తాన్ని కోట్స్‌లో పెట్టింది, లోపలి కోట్‌ని రెండుసార్లు రాసింది. ఇది తప్పు కాదు, సీఎస్‌వీ పద్ధతే అది. దీన్ని చూసి ఒక కోట్ ఎక్కువైందనుకుని నోట్‌ప్యాడ్‌లో సరిదిద్దారా, ఆ వరుసా దాని కిందివీ కలిసిపోయి గందరగోళం అవుతుంది.

రెండో పాస్‌వర్డ్ చూడండి, రెండు సున్నాలతో మొదలవుతోంది. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరుచుకుంటుంది. అది `00482916`ని సంఖ్య అనుకుని 482916గా చూపిస్తుంది. 15 అంకెలు దాటిన సంఖ్యల చివరి అంకెల్ని సున్నాలు చేస్తుంది. `=`తో మొదలయ్యే పాస్‌వర్డ్‌ని ఫార్ములా అనుకుంటుంది. నోట్స్‌లో తెలుగులో ఏదైనా రాసుకుని ఉంటే అది à° లాంటి గుర్తుల వరుసగా మారిపోవచ్చు. ఊరికే చూసి మూసేస్తే ఫైల్‌కి నష్టం లేదు. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే అలవాటు కొద్దీ అవును అంటామే, అక్కడే చిక్కు. నేను మొదటిసారి నా పాస్‌వర్డులు మార్చుకున్నప్పుడు సరిగ్గా ఇదే చేశాను. పేర్లు కాస్త శుభ్రం చేద్దామని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, సేవ్ చేసి, దాన్నే ఇంపోర్ట్ చేశాను. మూడు వారాల తర్వాత ఒక పోర్టల్‌లో లాగిన్ అవ్వడం లేదు. నాలుగు ప్రయత్నాలు తప్పయ్యాక అకౌంట్ లాక్ అయింది. ముందున్న సున్నాలు పోయాయని తెలిసే సరికి పాత ఫైలూ లేదు, క్రోమ్‌లో ఉన్నవీ తీసేశాను. శుభ్రం చేసే పని ఏదైనా బిట్‌వార్డెన్ లోపలికి వెళ్లాక చేసుకోండి.

ఫైల్ తెరవకుండానే ఎన్ని వరుసలు ఉన్నాయో తెలుసుకోవచ్చు. పవర్‌షెల్‌లో ఇది చాలు:

```
(Import-Csv C:\marpu\marpu.csv).Count
```

ఇది హెడర్ లైన్‌ని లెక్కపెట్టదు, ఒకే నోట్‌లో నాలుగు లైన్లున్నా ఒక వరుసగానే లెక్కిస్తుంది. పోయిన నెల మా అక్క ల్యాప్‌టాప్‌లో చేసినప్పుడు 214 వచ్చింది. ఆ అంకె కాగితం మీద రాసుకున్నాం.

ఇంపోర్ట్‌కి `vault.bitwarden.com`లో లాగిన్ అయి, `Tools`లో `Import data`కి వెళ్లి, ఫార్మాట్‌గా `Chrome (csv)` ఎంచుకుని ఫైల్ ఇవ్వాలి. అక్కడ ఫార్మాట్ల జాబితా చాలా పెద్దది, తొందరలో పక్కది నొక్కకండి. యూరప్ సర్వర్‌లో అకౌంట్ తెరిచి ఉంటే చిరునామా చివర `.eu` ఉంటుంది. పూర్తయ్యాక ఎన్ని ఐటమ్స్ వచ్చాయో చూపిస్తుంది. మాకు 214 వచ్చింది, కాగితం మీది అంకెతో సరిపోయింది. తక్కువ వస్తే ఫైల్‌లో ఎక్కడో కోట్ చెడిందని అనుమానించాలి. కదలిక కనిపించడం లేదని బటన్ రెండోసారి నొక్కితే అంతా రెండేసి అవుతుంది, ఎందుకంటే బిట్‌వార్డెన్ ఉన్నవాటితో పోల్చి చూడదు. అలా అయితే ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చోకండి. `Settings`లో `My account` కింద `Purge vault` ఉంటుంది, దాంతో మొత్తం ఖాళీ చేసి మళ్లీ ఒకసారి ఇంపోర్ట్ చేయండి. ఫైల్‌ని ఇంకా డిలీట్ చేయకపోవడం ఇలాంటి చోట ఉపయోగపడుతుంది. ముందే చేత్తో ఎక్కించినవి ఏమైనా ఉంటే అవీ పోతాయని గుర్తుంచుకోండి.

`android://`తో మొదలయ్యే వరుసలు ఫోన్ యాప్‌లలో సేవ్ అయినవి. బిట్‌వార్డెన్ వాటిని `androidapp://` రూపంలోకి మార్చుకుంటుంది. అక్క దగ్గర ఇలాంటివి పదకొండు ఉన్నాయి. వాటిలో ఆరింటికి అదే సంస్థ వెబ్‌సైట్ పేరుతో కూడా విడిగా ఎంట్రీలు ఉన్నాయి, అందులో రెండింట్లో పాస్‌వర్డ్ వేరుగా ఉంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది పని చేస్తుందో లాగిన్ అయి తేల్చుకుని, పని చేసేదానిలోనే వెబ్ చిరునామా, యాప్ చిరునామా రెండూ పెట్టి రెండోది తీసేశాం. బ్యాంకు అకౌంట్లకి ఈ పని చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త, మూడు తప్పులకే తలుపులు మూసుకునే చోట్లు ఉన్నాయి.

డిలీట్ చేసే ముందు సరిచూడటానికి ఒక అరగంట పెట్టండి. రెండు వందలూ చూడక్కర్లేదు. ముందు మీ మెయిన్ మెయిల్ అకౌంట్, తర్వాత బ్యాంకు, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఐఆర్‌సీటీసీ లాంటివి. ఆ తర్వాత వింత గుర్తులున్నవి రెండు, సున్నాతో మొదలయ్యేది ఒకటి, తెలుగు నోట్ ఉన్నది ఒకటి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఇంకా పాత పాస్‌వర్డ్ నింపుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ లాగిన్ అయినా అది బిట్‌వార్డెన్ గొప్పతనమో క్రోమ్ గొప్పతనమో తెలియదు. అందుకని ఫోన్‌లో బిట్‌వార్డెన్ యాప్ తెరిచి, పాస్‌వర్డ్‌ని కంటితో చూస్తూ ప్రైవేట్ విండోలో చేత్తో టైప్ చేయండి. కాస్త విసుగే, కానీ అంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

ఇది అయ్యాక కూడా చాలామందికి సీఎస్‌వీని తీసేయడానికి మనసు ఒప్పదు, ఎందుకైనా మంచిదని ఉంచుకుంటారు. ఆ ధైర్యం కోసం బిట్‌వార్డెన్ నుంచే ఒక ఎన్‌క్రిప్టెడ్ ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. `Export` దగ్గర `.json (Encrypted)` ఎంచుకుంటే రెండు రకాలు అడుగుతుంది. `Account restricted` వద్దు, అది ఆ అకౌంట్‌లోకే తిరిగి ఎక్కుతుంది, అకౌంట్ పోతే దానితో పాటే పోయినట్టు. `Password protected` ఎంచుకుని దానికి వేరే గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఈ ఫైల్‌ని పెన్ డ్రైవ్‌లో దాచుకున్నా భయం లేదు.

ఇప్పుడు డిలీట్. ఆ ఫైల్‌ని తెరిచిన ప్రోగ్రామ్‌లు ఏవైనా ఉంటే మూసేయండి. విండోస్ 11 నోట్‌ప్యాడ్ పాత ట్యాబ్‌లని గుర్తుపెట్టుకుంటుంది, సేవ్ చేయని మార్పులతో సహా. అందుకని విండోని మూస్తే చాలదు, ఆ ట్యాబ్‌ని విడిగా మూయాలి. తర్వాత `C:\marpu` ఫోల్డర్‌ని షిఫ్ట్ నొక్కి పట్టుకుని డిలీట్ చేయండి. ఇలా చేస్తే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా పోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే విండోస్ ఆ చోటు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కి చెబుతుంది, దీన్ని ట్రిమ్ అంటారు. అది పని చేస్తోందా అని చూడాలంటే:

```
fsutil behavior query DisableDeleteNotify
```

ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎదురుగా 0 ఉంటే ట్రిమ్ ఆన్‌లో ఉన్నట్టు. పేరు తిరకాసుగా ఉంది, 0 అంటేనే మంచిది. ట్రిమ్ అయిన చోటుని మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్ చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. డ్రైవ్ ఆ పని ఏ క్షణంలో చేస్తుందన్నది దాని ఇష్టం కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎన్‌క్రిప్షన్ మీద అదనపు మేలు అనుకోండి. మీ తమ్ముడిది పాత హార్డ్ డిస్క్ మెషీన్ అయితే తనకి వేరే మాట చెప్పాలి. డిలీట్ చేశాక `cipher /w:C:\` కొడితే ఖాళీ చోటంతా మూడుసార్లు తిరగరాస్తుంది. పెద్ద డిస్క్ అయితే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ మీద మీరు అది చేయకండి, లాభం తక్కువ, అరుగుదల ఎక్కువ.

ఆ తర్వాత కాపీల వేట. పేరు మార్చి ఉన్నా దొరికేలా, ఫైల్ మొదటి లైన్‌నే పట్టుకుని వెతకాలి. పవర్‌షెల్‌లో కాకుండా మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
findstr /s /m /i /c:"name,url,username,password" "%USERPROFILE%\*.csv"
```

క్రోమ్ ఎక్స్‌పోర్ట్ ఫైల్ మీ యూజర్ ఫోల్డర్‌లో ఎక్కడున్నా, ఎప్పుడో మూడేళ్ల కిందట తీసిందైనా, దాని చిరునామా మాత్రం చూపిస్తుంది. లోపలి పాస్‌వర్డులు తెర మీదకి రావు. అక్క దగ్గర ఇది కొడితే డౌన్‌లోడ్స్‌లో 2021 నాటి ఫైల్ ఒకటి బయటపడింది. ఫోన్ మార్చినప్పుడు తీసి వదిలేసిందట, ఆవిడకి గుర్తే లేదు. డి డ్రైవ్ ఉంటే చివరి భాగాన్ని `"D:\*.csv"` అని మార్చి మళ్లీ కొట్టండి. ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసి ఉంటే మాత్రం ఇది పట్టుకోదు, వాటిని మీరే గుర్తు తెచ్చుకోవాలి. వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో రీసైకిల్ బిన్, గూగుల్ డ్రైవ్ ట్రాష్ కూడా ఒకసారి తెరిచి చూడండి. ఈ ట్రాష్‌లో కూడా 30 రోజులు ఉంటుంది.

ఎప్పుడైనా ఆ ఫైల్‌ని మీకు మీరే మెయిల్ చేసుకునో, వాట్సాప్‌లో పంపుకునో ఉంటే ఇక డిలీట్ గురించి ఆలోచించడం మానేయండి. వాట్సాప్‌లో పంపింది ఫోన్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో, ఇంకో డివైస్‌లో, చాట్ బ్యాకప్‌లో ఎన్ని చోట్ల ఉందో లెక్క తేలదు. కనిపించినవి తీసేసి, ముఖ్యమైన అకౌంట్ల పాస్‌వర్డులు మార్చేయడమే మార్గం. ముందు మెయిల్, ఎందుకంటే మిగతావన్నీ రీసెట్ అయ్యేది దాని ద్వారానే. తర్వాత డబ్బుకి సంబంధించినవి. మిగతావి వీలు చూసుకుని.

ఐఫోన్ వాడేవాళ్లకి ఐఓఎస్ 26 నుంచి ఈ ఫైల్ గొడవ తగ్గింది. నేరుగా బదిలీ చేసే పద్ధతిని సపోర్ట్ చేసే యాప్‌ల మధ్య పాస్‌వర్డులూ, పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీలూ ఫైల్ లేకుండానే వెళ్లిపోతాయి. ఫిడో అలయన్స్ అనే సంస్థల కూటమి తయారు చేసిన ప్రమాణం అది. మీరు విండోస్‌లో క్రోమ్ నుంచి తీస్తున్నారు కాబట్టి ఇక్కడ సీఎస్‌వీ దారే చెప్పాను.

ఆ సీఎస్‌వీలోకి పాస్‌కీలు రావు. సేవ్ చేసుకున్న కార్డులూ, అడ్రస్‌లూ రావు. పాస్‌కీతో తెరిచే సైట్లు మీకేమైనా ఉంటే, ఆ సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిట్‌వార్డెన్‌లో కొత్త పాస్‌కీ చేసుకునే వరకూ పాతది గూగుల్ దగ్గరే ఉండనివ్వండి. క్రోమ్‌లో పాస్‌వర్డులు సేవ్ చేయాలా అని అడిగే ఆప్షన్‌ని ఈ రోజే ఆపేయండి, లేకపోతే కొత్తవి సగం ఇక్కడా సగం అక్కడా పడతాయి. ఫోన్‌లో కూడా ఆటోఫిల్ సర్వీస్‌గా బిట్‌వార్డెన్‌ని ఎంచుకోండి. క్రోమ్‌లో పాతవాటిని మాత్రం ఇప్పుడే తుడిచేయకండి. మూడు నాలుగు వారాలు బిట్‌వార్డెన్‌తోనే బతికి చూడండి, నెలకోసారి తెరిచే కరెంటు బిల్లు, గ్యాస్, స్కూల్ ఫీజు సైట్లన్నీ ఒక చుట్టు అయిపోవాలి. ఆ తర్వాత గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో మొత్తం డేటా తీసేసే ఆప్షన్ నొక్కే ముందు అక్కడ రాసింది పూర్తిగా చదవండి. అది పాస్‌వర్డులతో పాటు పాస్‌కీలని కూడా తీసేస్తుంది. అక్క విషయంలో రెండు పాస్‌కీలు ఇంకా మార్చలేదని అప్పుడే తెలిసింది, అందుకని మొత్తం తీసే బటన్ జోలికి పోకుండా పాస్‌వర్డులని ఒక్కొక్కటిగా తీశాం. ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది.